సోమవారం పొద్దున ఆగిపోయి కనిపించే ఆటోమేటిక్ వాచీ: తప్పు ఎక్కడ, వైండర్ కొనాలా?

మా బావది కాకినాడ. పోయిన సంక్రాంతికి ఒక ఆటోమేటిక్ వాచీ కొనుక్కున్నాడు. లోపల ఎన్‌హెచ్35 మెషీన్. నెల తిరక్కుండానే ఫోను: "ఒరేయ్, ప్రతి సోమవారం ఆగిపోయి ఉంటోంది. నాకేమైనా దొంగ సరుకు అంటగట్టాడా? వాచీని మోటారుతో తిప్పుతూ ఉంచే వైండర్ పెట్టెలో పెడితే బాగవుతుందంటున్నారు, ఎనిమిది వేలట."

ఎనిమిది వేలు తర్వాత చూద్దాం, ముందు లెక్క చూద్దాం అన్నాను. ఆటోమేటిక్ వాచీలో బ్యాటరీ ఉండదు. చెయ్యి కదిలినప్పుడు లోపల అరచక్రంలా ఉండే రోటర్ తిరిగి మెయిన్ స్ప్రింగ్‌ని చుడుతుంది. ఆ చుట్టు విప్పుకుంటూ ఉన్నంతసేపే వాచీ నడుస్తుంది. పూర్తిగా చుట్టి తీసి పెట్టాక ఎన్ని గంటలు నడుస్తుందో అదే పవర్ రిజర్వ్. ఎన్‌హెచ్35కి అది దాదాపు 41 గంటలు. స్విస్ ఈటీఏ 2824-2కి 38, పవర్‌మాటిక్ 80కి పేరులో ఉన్నట్టే 80. ఈ లెక్కన బావ శుక్రవారం సాయంత్రం ఏడింటికి వాచీ తీసి బల్ల మీద పెడితే, అది నిండుగా చుట్టి ఉన్నా ఆదివారం మధ్యాహ్నానికి ఆగిపోవాలి. సోమవారం పొద్దున ఆగి ఉండటం జబ్బు కాదు.

లక్షణం: రెండు రోజులు కూడా నడవట్లేదు

అసలు ఎప్పుడు ఆగిందో బావ చూసుకోలేదు. ఆగిన వాచీ ఆ సంగతి తనే చెబుతుంది. ముళ్లు నాలుగూ యాభై దగ్గర, తేదీ శనివారంది. మరి తెల్లవారుజామా, సాయంత్రమా? కీ బయటికి లాగి ముళ్లను ముందుకి తిప్పాలి. మొదటి పన్నెండు దాటగానే తేదీ మారితే ఆగింది సాయంత్రం, మారకపోతే తెల్లవారుజామున. బావ తిప్పితే మారింది. అంటే శనివారం సాయంత్రం 4:50కి ఆగింది, తీసిన దగ్గర్నుంచి 22 గంటలు నడిచింది. 41కి 22 అంటే సగమే.

ఇక్కడ కారణాలు రెండు. వాచీ నిండట్లేదు, లేదా నిండినా నిలవట్లేదు. వీటిని విడదీయడానికి రెండు పరీక్షలు చాలు.

మొదటిది కీ పరీక్ష. వాచీ పూర్తిగా ఆగాక కీని లోపలే ఉంచి మెల్లగా 50, 60 సార్లు తిప్పాలి. ఆటోమేటిక్‌లో చివర గట్టిగా తగలదు. స్ప్రింగ్ నిండాక డ్రమ్ములో జారుతుంది కాబట్టి ఎక్కువ తిప్పితే తెగుతుందన్న భయం అక్కర్లేదు. టైం పెట్టి, డయల్ పైకి ఉండేలా బల్ల మీద పెట్టి ముట్టుకోకూడదు. బావ ఆదివారం పొద్దున ఎనిమిదింటికి పెట్టాడు. మంగళవారం తెల్లవారుజామున ఒంటిగంట దాటాక ఆగింది, దాదాపు 41 గంటలు. స్ప్రింగ్ బాగానే ఉంది, దొంగ సరుకు కాదు.

రెండోది చేతి పరీక్ష. ఆగిన వాచీకి కీ ఇవ్వకుండా, టైం మాత్రం పెట్టి, ముళ్లు కదిలేలా నాలుగు సార్లు అటూ ఇటూ ఊపి, రోజంతా పెట్టుకోవాలి. రాత్రి తీసి ఎన్ని గంటలు నడుస్తుందో చూడాలి. బావ పెట్టుకుంటే మళ్లీ 22 గంటల దగ్గరే వచ్చింది. ఆయన ఉద్యోగం కుర్చీలో. పైగా ఎడమ చెయ్యి కీబోర్డు మీదే ఆనించి ఉంటుంది. రోటర్‌కి తిరిగే అవకాశమే తక్కువ. పరిష్కారం ఏమిటంటే, పొద్దున్నే కాఫీ తాగేటప్పుడు కీ 20, 30 తిప్పులు, మిగతాది చెయ్యి చూసుకుంటుంది. పాత సీకో 7ఎస్26 లాంటివి కీతో చుట్టుకోవు. వాటిని అరనిమిషం పక్కలకి ఊపి చేతికి పెట్టుకోవడమే.

మీ ఫలితం వేరేలా రావచ్చు. కీ పరీక్షలోనే ఇరవై, పాతిక గంటలకి ఆగితే స్ప్రింగ్ బలహీనపడిందో, నూనె ఆరిపోయిందో అయ్యుంటుంది, సర్వీసింగ్‌కి ఇవ్వాలి. కీతో బాగా నడిచి, రోజంతా తిరిగినా చేతి మీద మూడు నాలుగు గంటలకే ఆగితే రోటర్ తిరిగినా స్ప్రింగ్ చుట్టుకోవడం లేదు. చెవి దగ్గర పెట్టి ఊపితే గరగరమంటే రోటర్ స్క్రూ వదులై కేసుకి రాసుకుంటోందేమో. అప్పుడు ఊపడం ఆపి మెకానిక్‌కి చూపించండి.

లక్షణం: వైండర్‌లో పెట్టినా ఆగిపోతోంది

ఇది నా సొంత అనుభవం. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికిన వైండర్‌లో మియోటా 8215 మెషీన్ ఉన్న వాచీ పెట్టాను. మూడో రోజుకి ఆగింది. వాచీ చెడిపోయిందనుకున్నా. కానీ 8215 రోటర్ ఒకవైపు తిరిగినప్పుడే స్ప్రింగ్‌ని చుడుతుంది, రెండోవైపు ఊరికే గిర్రున తిరుగుతుంది. నా వైండర్ తప్పు వైపుకే తిప్పుతోంది. రెండు వైపులా తిరిగేలా స్విచ్చు మార్చాక ఆగలేదు. ఎన్‌హెచ్35 రెండు వైపులా చుట్టుకుంటుంది కాబట్టి దానికి ఈ బెడద లేదు.

దిశ సరిగ్గానే ఉందనుకుంటే రోజుకి ఎన్ని తిప్పులో చూడండి. చాలా మెషీన్లకి 650 నుంచి 800 సరిపోతుంది. పట్టీ వదులై వైండర్ లోపలి దిండు మీద వాచీ జారుతున్నా పని జరగదు. ఖాళీ వాచీని పెట్టి అది నిండాలని చూడటం ఇంకో పొరపాటు. వైండర్ ఉన్న చుట్టుని నిలబెడుతుంది, అంతే. ముందు కీతో నింపి అప్పుడు పెట్టాలి.

లక్షణం: రోజుకి రెండు మూడు నిమిషాలు ముందుకి పోతోంది

చాలాసార్లు ఇది అయస్కాంతం పని. స్పీకరు, ల్యాప్‌టాప్ మూత, అయస్కాంతం గొళ్లెం ఉన్న పెట్టె, ఒక్కోసారి చవక వైండర్ మోటారు కూడా కారణమే. దిక్సూచి పక్కన వాచీ తిప్పి చూస్తే సూది కదులుతుంది. అయితే, వాచీ లోపలి ఉక్కు కూడా కొంచెం లాగవచ్చు కాబట్టి పక్కన వేరే వాచీతో పోల్చుకోండి. అయస్కాంతం వదలగొట్టే డీమాగ్నెటైజర్ ఉన్న మెకానిక్‌కి ఇది నిమిషంలో పని.

మరి వైండర్ కొనాలా?

బావకి వద్దన్నాను. తేదీ మాత్రమే ఉన్న వాచీని మళ్లీ సెట్ చేయడం అరనిమిషం. దానికోసం రోజంతా మోటారు తిప్పుతూ లోపలి చక్రాల్ని అరగదీయడం ఎందుకు? కదలకపోతే నూనె గడ్డకడుతుందన్నది పాతకాలపు నూనెల నాటి మాట. ఇప్పటి సింథటిక్ నూనెలకి అంత భయం లేదు. ఏ నెలకి ఎన్ని రోజులో తనే లెక్క చూసుకునే పర్పెట్యువల్ క్యాలెండర్ లాంటి వాచీ అయితే మాత్రం నా సమాధానం మారుతుంది. తేదీ, వారం, నెల, చంద్రకళ అన్నీ వరసగా సరిచేయడం తలనొప్పి, తప్పు వేళలో బటన్ నొక్కితే ఖర్చు కూడా. అలాంటిది ఆగకుండా చూసుకోవడానికి వైండర్ దండగ కాదు.

మామూలు వాచీలోనూ ఒక జాగ్రత్త ఉంది. రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారుజాము నాలుగు దాకా తేదీ చక్రం పళ్లు పట్టుకుని ఉంటాయి. ఆ మధ్యలో కీతో తేదీ మారిస్తే పళ్లు విరగొచ్చు. ముందు చిన్నముల్లుని ఆరు దగ్గరికి తెచ్చుకుని అప్పుడు తేదీ మార్చండి.

ఇక దాచడం. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో వాచీ కంటే ముందు తోలు పట్టీ పాడవుతుంది, వానాకాలంలో బూజు పడుతుంది. చెమట తుడిచి, ఆరనిచ్చి, సిలికా జెల్ పొట్లంతో మూతున్న డబ్బాలో పెట్టండి. బీరువాలో చీరల మధ్య పెడితే మాత్రం కలరా ఉండలకి దూరంగా. బావ వాచీ దొరికింది సరిగ్గా ఆ ఉండల పక్కనే.