గుమ్మడికాయ కొట్టాక మైకు: వానలో నడిచిన షూటింగ్‌కి లైన్ ప్రొడ్యూసర్ థాంక్స్ చెప్పేటప్పుడు సమస్య – పరిష్కారం

రెండేళ్ల కిందట తాడేపల్లిలో ఓ ఫంక్షన్ హాల్లో గుమ్మడికాయ పార్టీ. వానలో ఈదుకుంటూ పూర్తిచేసిన సినిమా. లైన్ ప్రొడ్యూసర్‌గా మైకు తీసుకుని 11 నిమిషాలు మాట్లాడాను. ముందు వరసలో చప్పట్లు బాగానే పడ్డాయి. వెనక లైట్‌మెన్ మాత్రం ఒక్కొక్కరే బయటికి జారుకున్నారు. మధ్యలో ఎవరో రోజువారీ బత్తెం అడుగుతూ "బేటా ఎప్పుడు సార్?" అన్నారు, పది మంది నవ్వారు. నేను వేసిన వాన జోకుకి ఒక్కరూ నవ్వలేదు.

ఈ ఏడు మళ్లీ వానాకాలమే, కొల్లిపర వైపు లంకలో షెడ్యూలు. 26 రోజులనుకున్నది 33 అయింది. స్పీచ్ రాసి ముందురోజు మా ప్రొడక్షన్ మేనేజర్‌కి వ్యాన్‌లో చదివి వినిపించాను. గుంటూరాయన, ఈ పనిలో నాకంటే ముదురు, నాకు బాబాయ్ వరస. ఆయన పెన్ను తీసుకుని కొట్టేసినవాటి నుంచే కింద రాసినవి వచ్చాయి.

సమస్య: చప్పట్లు ముందు వరస దాటి వెనక్కి పోవు

కారణం: మనం పోస్టరు మీద పేర్లు పడే వరసలో థాంక్స్ చెబుతాం. హీరో గారు, డైరెక్టర్ గారు, కెమెరామన్ గారు, చివరికొచ్చేసరికి "లైట్ డిపార్ట్‌మెంట్, ప్రొడక్షన్ బాయ్స్, డ్రైవర్లు అందరికీ" అని ఒక్క ఊపిరిలో కట్టేస్తాం. ఎండ రోజుల్లో అది చెల్లుతుంది. వాన రోజుల్లో పని భారం తిరగబడుతుంది. వాన పడగానే ఆర్టిస్టులు క్యారవాన్‌లోకి వెళ్తారు, డైరెక్టర్ గారు గొడుగు కింద సీను పేపర్లు తిరగేస్తారు. ఆ గంటసేపు తడిసేది పోస్టరు మీద పేరు లేనివాళ్లే.

పరిష్కారం: స్పీచ్‌ని జ్ఞాపకం మీద రాయకండి, రోజువారీ ప్రొడక్షన్ రిపోర్టులు ముందేసుకుని రాయండి. ఫస్ట్ షాట్ ఎన్నింటికి పడింది, ఎంతసేపు ఆగాం, ఎందుకు ఆగాం, ప్యాకప్ ఎప్పుడు అన్నీ అందులో ఉంటాయి. వాన అని రాసున్న రోజుల్నే బయటికి తీయండి. మాకు 11 వచ్చాయి. ఒక్కో రోజు దగ్గర ఆగి ఒకే ప్రశ్న వేసుకోండి: ఆగిన పని మళ్లీ మొదలైంది ఎవరి చేతి మీదుగా?

మా జాబితా ఇలా వచ్చింది. నాలుగో రోజు కెమెరా అసిస్టెంటు. లాడ్జిలో ఏసీ గదిలో ఉంచిన లెన్సుని ఏటిగట్టు ఉక్కలోకి తెస్తే అద్దం మీద ఆవిరి కమ్ముకుంటుంది, తుడిచినకొద్దీ మళ్లీ వస్తుంది. మొదటిరోజు దానికి ముప్పావుగంట పోయింది. నాలుగో రోజు నుంచి ఆ కుర్రాడు ఎవరూ చెప్పకుండానే గంట ముందు లేచి, పెట్టెల్ని ఏసీ లేని వరండాలోకి చేర్చి, బయటి వేడికి అలవాటయ్యాకే మూతలు తీశాడు. తొమ్మిదో రోజు కాస్ట్యూమర్. హీరోయిన్ చీర సీను మొదట్లో పొడిగా ఉండాలి, చివర తడిసి ఉండాలి, మన దగ్గర ఉన్నవి మూడు. ఇంటాయన్ని బతిమాలి వంటింట్లో ఇస్త్రీపెట్టె, టేబుల్ ఫ్యాను పెట్టుకుని రాత్రంతా ఆరబెట్టింది. పద్నాలుగో రోజు సెట్ బాయ్స్. బ్యారేజీ గేట్లు ఎత్తారని దిగువకి కబురు రాగానే లంకలో వేసిన పాక మొత్తం విప్పి, చీకటి పడేలోపు ట్రాక్టర్ మీద గట్టెక్కించారు.

పేర్లు ఇక్కడ రాయడం లేదు గానీ స్పీచ్‌లో పేర్లే చదివాను. ఒక జాగ్రత్త: వోచర్ మీద పేరు వేరు, సెట్‌లో పిలిచే పేరు వేరు. వోచర్ పేరు చదివితే అతని పక్కన కూర్చున్నవాడికే అర్థం కాదు. రెండూ బాబాయ్‌ని అడిగి రాసుకున్నాను.

సమస్య: "కష్టపడ్డారు" అంటే ఎవరూ కదలరు

నాకు అన్నిటికంటే ఆలస్యంగా తెలిసింది ఇదే.

మొదటి డ్రాఫ్టులో "వానని కూడా లెక్కచేయకుండా పనిచేశారు" అని రాశాను. బాబాయ్ దాని కింద గీత గీసి, "లెక్కచేయకుండా చేసినోణ్ణి మెచ్చుకుంటే, లెక్కచేసి ఆపినోడు ఏమైనట్టు అబ్బాయ్?" అన్నాడు.

ఆయన అన్నది పదిహేడో రోజు గురించి. అరటితోటలో నైట్ సీను. వాన ఆగింది, డైరెక్టర్ గారు రెడీ అన్నారు. లైట్లు వెయ్యమన్నాను. మా పెద్ద లైట్‌మన్ వెయ్యనన్నాడు. జెనరేటర్ నుంచి వచ్చే కేబుల్ జాయింట్లు రెండు నీటిగుంటలో మునిగి ఉన్నాయి. అవి లేపి కట్టేదాకా స్విచ్ ముట్టుకోనన్నాడు. తడి నేల మీద మనిషి నిలబడి ఉండగా జాయింట్‌లోకి నీళ్లు పోయి కరెంటు లీకైతే, లైటు స్టాండు ముట్టుకున్నవాడి ఒంట్లోంచే అది భూమిలోకి దిగుతుంది. నాకు ఆ లెక్క తెలీక కాదు, గడియారం లెక్క ఎక్కువైంది. అందరి ముందూ అతని మీద అరిచాను. అతను జవాబివ్వలేదు. కూల్‌డ్రింక్ క్రేట్లు తెప్పించి, జాయింట్లు తుడిచి ఆరబెట్టి, వాటిమీద పెట్టి, పైన ప్లాస్టిక్ పట్టా గొడుగులా కట్టించాడు. కింద మూట కట్టలేదు, మూట కడితే నీళ్లు లోపలే నిలుస్తాయి. వేడెక్కిన పెద్ద లైట్ల అద్దం మీద చల్లటి చినుకు పడితే పగులుతుందని వాటికీ పైన కప్పు కట్టించాడు. 40 నిమిషాలు పోయాయి. రిపోర్టులో నేనే రాశాను: "లైటింగ్ ఆలస్యం."

కారణం: థాంక్స్ చెప్పేవాడు లైన్ ప్రొడ్యూసర్. రోజంతా తొందరపెట్టింది, డబ్బు లెక్కపెట్టింది అతనే. అతని నోట "కష్టపడ్డారు" అనే మాట వస్తే "ఇంకోసారి కూడా ఇలాగే పడండి" అన్నట్టు వినిపిస్తుంది.

పరిష్కారం: పని ఆపినవాడికి థాంక్స్ చెప్పండి. మీరు తప్పుచేసి ఉంటే ఆ తప్పుతో సహా చెప్పండి. కానీ ముందుగా అతన్ని అడగండి. నేను పార్టీ రోజు పొద్దున ఫోన్ చేశాను. "అరిచిన సంగతి ఇప్పుడెందుకు సార్" అన్నాడు. కాసేపాగి, "సరే చెప్పండి, మా కుర్రాళ్లు వింటారు" అన్నాడు. వద్దంటే మానేసేవాణ్ణి. నలుగురిలో పొగిడించుకోవడం ఇష్టం లేనివాళ్లు ఉంటారు, వాళ్లకి విడిగా చెప్పడమే మర్యాద.

సమస్య: మధ్యలో "బేటా ఎప్పుడు?" అని గొంతు

కారణం ఎప్పుడూ ఒకటే, బేటా బాకీ ఉంది. ముఖ్యంగా యూనిట్ వచ్చాక వానకి ప్యాకప్ చెప్పిన రోజులవి. పూర్తి రోజా, సగం రోజా అన్న పేచీ అక్కడే నలుగుతుంటుంది.

పరిష్కారం స్పీచ్‌లో లేదు. పార్టీకి రెండురోజుల ముందు ఆ రోజుల జాబితా తీసి, ఒప్పుకున్న ప్రకారం లెక్క తేల్చండి. మాకు అలాంటివి మూడు రోజులు. రెండింటికి ఇచ్చేశాం, మూడోదానికి డబ్బు రాలేదు. మేస్త్రీలని పిలిచి ఏ తారీకున ఇస్తామో పార్టీకి ముందే చెప్పాం. మైకులో డబ్బు మాట ఎత్తకండి. ప్రొడ్యూసర్ గారు సరేననకుండా ఊపులో బోనస్ ప్రకటించారో, మరుసటిరోజు మీ ఫోను మీది కాదు.

సమస్య: వాన జోకు పేలదు

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. బెజవాడ నుంచి తెచ్చుకున్న డ్రైవర్లలో, జూనియర్ ఆర్టిస్టుల్లో ఆ నీళ్లలో ఇల్లు మునిగినవాళ్లు ఉంటారు. "వరుణదేవుడు మన సినిమాలో గెస్ట్ రోల్ చేశాడు" అంటే వాళ్లు ఎందుకు నవ్వుతారు? రెండేళ్ల కిందట నేనన్న జోకు సరిగ్గా అదే. జోకు వెయ్యాలనుంటే మీ మీద వేసుకోండి.

ఇవన్నీ సరిచేశాక మైకులో చదివింది

"అందరికీ నమస్కారం. బిర్యానీ దమ్ము తీశారు, నాకు మూడు నిమిషాలివ్వండి. 26 రోజులన్నాను, 33 అయింది. ఫోన్‌లో ఎండ బొమ్మ చూసి కాల్‌షీట్ వేసింది నేను, తడిసింది మీరు.

పదిహేడో రోజు రాత్రి అరటితోటలో అన్న లైటు వెయ్యనన్నాడు. జాయింట్లు నీళ్లలో ఉన్నాయన్నాడు. నేను అరిచాను. రిపోర్టులో 'లైటింగ్ ఆలస్యం' అని రాశాను. నిన్న దాన్ని కొట్టేసి 'భద్రత కోసం ఆపారు' అని రాశాను. ఆ తడి నేల మీద అప్పుడు 60 మందిమి ఉన్నాం. అన్నా, ఆ 40 నిమిషాలకి థాంక్స్, అరిచినందుకు సారీ."

తర్వాత చీర, లెన్సు, ట్రాక్టర్ ఒక్కోటి రెండేసి వాక్యాల్లో, పేర్లతో. చివర్లో డైరెక్టర్ గారూ, ఆర్టిస్టులూ. వరస మార్చానని డైరెక్టర్ గారికి ముందే చెప్పాను, ఆయన పట్టించుకోలేదు. ఇంకొకాయన కాస్త మొహం ముడుచుకున్నాడు, దానికి మందు లేదు.

లైట్‌మెన్ ఈసారి బయటికి పోలేదు. అరిచాను అన్నచోట వెనక నుంచి "గట్టిగానే అరిచారు సార్" అని ఒకడు అందుకున్నాడు, హాలంతా నవ్వింది.

నిడివి గురించి ఒక్క మాట. రాసింది ఫోన్‌లో టైమర్ పెట్టి పైకి చదివి చూసుకోండి. ఫంక్షన్ హాల్ మైకులో మాట ప్రతిధ్వనిస్తుంది కాబట్టి ఆగి ఆగి చదవాలి, ఇంట్లో రెండున్నర నిమిషాలు పట్టింది అక్కడ మూడు దాటుతుంది.

సమస్య: మైకు ఇచ్చేశాక ఒకరి పేరు గుర్తొస్తుంది

మళ్లీ మైకు అడగకండి. "ఇంకొకరిని మర్చిపోయా" అంటే, మర్చిపోయిన సంగతే హాలంతా గుర్తుపెట్టుకుంటుంది. లేచి ఆ మనిషి కూర్చున్న బల్ల దగ్గరికి వెళ్లండి.

నేను మర్చిపోయింది జెనరేటర్ ఆపరేటర్‌ని. బురదలో బండి కూరుకుపోకుండా రోజూ చక్రాల కింద ఇటుకలు, చెక్కలు పేర్చినవాడు. రిపోర్టుల్లో అతని పేరు ఎక్కడా లేదు, ఎందుకంటే అతనివల్ల ఒక్కరోజూ ఆగలేదు. వెతికితే హాల్లో లేడు. బండి వేరే షెడ్యూలుకి బుక్కయిందని సాయంత్రమే బయల్దేరాడట. బయటికొచ్చి ఫోన్ చేసి చెప్పాల్సింది చెప్పాను. అటువైపు ఇంజను మోత.

"సరే గానీ సార్, మీ చెక్కలు నాలుగు నా బండిలోనే ఉండిపోయినయ్యి," అన్నాడు. "ఇక్కడా వానే. వాడుకోనా?"