గుండె లెక్కలు – 3వ పాఠం: ఒక్క స్పందనకు ఎంత రక్తం?

నాడి పట్టుకుని లెక్కపెట్టడం పోయిన పాఠంలో నేర్చుకున్నాం. గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో నాడి చెబుతుంది. కొట్టుకున్న ప్రతిసారీ ఎంత రక్తం బయటికి వెళ్తోందో మాత్రం చెప్పదు. ఈ రోజు ఆ రెండో సంగతి చూద్దాం.

గుండె ఎడమ జఠరిక నిండినప్పుడు అందులో సుమారు 120 మిల్లీలీటర్ల రక్తం ఉంటుందనుకోండి. అది ముడుచుకున్నప్పుడు మొత్తం ఖాళీ అవదు. 50 దాకా లోపలే మిగులుతుంది, 70 బయటికి వెళ్తుంది. ఆ 70 మిల్లీలీటర్లే స్ట్రోక్ వాల్యూమ్. కూర్చుని ఉన్నప్పుడు నాడి 72 అయితే, 70ని 72తో గుణించండి: 5,040 మిల్లీలీటర్లు. అంటే నిమిషానికి దాదాపు 5 లీటర్లు. దీన్నే కార్డియాక్ అవుట్‌పుట్ అంటారు. మన ఒంట్లో ఉన్న రక్తం కూడా సుమారు అంతే కాబట్టి, ఊరికే కూర్చున్నా నిమిషానికోసారి అంత రక్తమూ గుండె గుండా వెళ్లి వస్తోందన్నమాట.

ఇప్పుడు ఒక మనిషిని జిమ్‌లో సైకిల్ ఎక్కించి, 100 వాట్ల దగ్గర తొక్కిద్దాం. ఈ పనికి అతని ఒంటికి నిమిషానికి సుమారు 1.5 లీటర్ల ఆక్సిజన్ కావాలి. కండరాలు లీటరు రక్తం నుంచి 120 మిల్లీలీటర్ల ఆక్సిజన్ తీసుకుంటున్నాయనుకుంటే, నిమిషానికి సుమారు 12.5 లీటర్ల రక్తం అందాలి. భాగహారం సులువుగా తేలడానికి 12.6 అనుకుందాం. వ్యాయామం అలవాటు లేని ఈ మనిషికి తొక్కేటప్పుడు స్ట్రోక్ వాల్యూమ్ 90 అనుకుందాం. 12,600ను 90తో భాగిస్తే 140. అదే అతని నాడి.

కొన్ని నెలల పాటు క్రమంగా సైకిల్ తొక్కాక స్ట్రోక్ వాల్యూమ్ 105కు పెరిగిందనుకోండి. అదే సైకిల్, అవే 100 వాట్లు. పని మారలేదు కాబట్టి కావాల్సిన ఆక్సిజన్ కూడా దాదాపు మారదు. 12,600ను 105తో భాగించండి: 120. నిమిషానికి ఇరవై స్పందనలు తగ్గాయి, కండరాలకు అందే రక్తం మాత్రం తగ్గలేదు. ఇవి లెక్క సులువుగా తేలడానికి ఎంచుకున్న అంకెలే అయినా, నిజంగా కనిపించే మార్పుకు దగ్గరగానే ఉంటాయి.

స్ట్రోక్ వాల్యూమ్ ఎలా పెరిగింది? అన్నిటికంటే ముందు పెరిగేది రక్తంలోని నీటి భాగం, అంటే ప్లాస్మా. వ్యాయామం మొదలుపెట్టిన మొదటి ఒకటి రెండు వారాల్లోనే ఈ పెరుగుదల కనిపిస్తుంది. గుండెకు తిరిగి వచ్చే రక్తం పెరిగితే జఠరిక ఇంకొంచెం సాగి నిండుతుంది. గుండె కండరం ఎంత సాగితే అంత బలంగా ముడుచుకుంటుంది. తర్వాత నెలల్లో, ఏళ్లలో జఠరిక లోపలి చోటు కూడా పెరుగుతుంది, గోడలు సులువుగా సాగుతాయి. నాడి నెమ్మదిస్తే రెండు స్పందనల మధ్య నిండే వ్యవధి పెరుగుతుంది కాబట్టి, అదీ కలిసొస్తుంది.

ఇదంతా ఒకసారి వస్తే ఉండిపోయేది కాదు. 1966లో అమెరికాలోని డల్లాస్‌లో ఐదుగురు యువకులను 20 రోజులు మంచం మీదే ఉంచారు. వాళ్ల శరీరం గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్ నాలుగో వంతుకు పైగా పడిపోయింది. గరిష్ఠ నాడి తగ్గలేదు, తగ్గింది ప్రధానంగా స్ట్రోక్ వాల్యూమే.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. నాడి తగ్గేది విశ్రాంతిగా ఉన్నప్పుడో, అదే పని చేసినప్పుడో మాత్రమే. శక్తినంతా పెట్టి పరుగెత్తితే, అలవాటున్నవాళ్ల నాడి కూడా దాదాపు మునుపటి గరిష్ఠం దాకా వెళ్తుంది. కాకపోతే ఆ నాడి దగ్గర వాళ్లు ఇంకా వేగంగా పరుగెడుతుంటారు. అందుకే "నాకు ఆయాసం వచ్చినప్పుడు నాడి ఎంత" అని పోల్చుకుంటే ఏమీ తేలదు. వేగం మారకూడదు.

ఎండ కూడా లెక్కను తారుమారు చేస్తుంది. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో పది గంటలకు నడిస్తే, చెమటతో ప్లాస్మా తగ్గుతుంది, చర్మానికి ఎక్కువ రక్తం మళ్లుతుంది. గుండెకు తిరిగి వచ్చేది తగ్గి, స్ట్రోక్ వాల్యూమ్ పడిపోతుంది. వేగం అంతే ఉన్నా నాడి పెరుగుతూ పోతుంది. అది చూసి ఫిట్‌నెస్ పోయిందని టెన్షన్ పడొద్దు.

ఇక మీ అభ్యాసం. తెల్లవారుజామున, ఎండ రాకముందు, కాఫీ తాగకుండా ఒకే దారిలో ఒకే వేగంతో పది నిమిషాలు నడవండి. ఆగిన వెంటనే 15 సెకన్లు నాడి లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. పూర్తి నిమిషం లెక్కపెడితే ఆలోపే నాడి దిగిపోయి, సంఖ్య తక్కువగా వస్తుంది. వారానికోసారి ఇలాగే రాసుకోండి. బీపీకి బీటా బ్లాకర్ మాత్రలు వేసుకునేవాళ్లకు మందు వల్లే నాడి తక్కువగా ఉంటుంది, వాళ్లు ఈ అంకెను ఫిట్‌నెస్‌కు కొలతగా తీసుకోకూడదు. నాడి తక్కువగా ఉండి కళ్లు తిరుగుతున్నా, సొమ్మసిల్లుతున్నా వ్యాయామం ఆపి డాక్టరుకు చూపించుకోవాలి.

4వ పాఠంలో, కండరాలు లీటరు రక్తం నుంచి ఎక్కువ ఆక్సిజన్ తీసుకోవడం ఎలా నేర్చుకుంటాయో చూద్దాం. ఈ రోజు మనం 120 దగ్గర కదలకుండా ఉంచిన అంకె నిజానికి కదులుతుంది.