ఇంటి లెక్క - మూడో పాఠం: ఎంత బీమా ఉంటే ఇల్లు నిలబడుతుంది?

పోయిన పాఠంలో ఇంటి నెల ఖర్చు రాసి పెట్టుకోమన్నాను. ఆ కాగితం ఇవాళ పక్కన ఉండాలి. దానితోపాటు బీరువాలో ఉన్న జీవిత బీమా పాలసీ బాండు కూడా తీయండి. చాలా ఇళ్లలో అది పెళ్లి చీరల అడుగున ఉంటుంది, తెచ్చిన రోజు తర్వాత ఎవరూ చదివి ఉండరు.

మా బామ్మర్ది బాండుతోనే మొదలుపెడదాం. అతనికి 33 ఏళ్లు. మిర్యాలగూడ మిల్లుల నుంచి బియ్యం తోలే సొంత డీసీఎం ఉంది. డీజిలు, టైర్లు, రిపేర్లు పోను నెలకు 40 వేలు మిగులుతాయి. భార్యకు 29, కొడుక్కి 8, బిడ్డకు 4. తెలిసిన ఏజెంటు మాట కాదనలేక ఆరేళ్ల కింద ఒక పాలసీ తీసుకున్నాడు. ఏడాదికి 26 వేలు, 20 ఏళ్లు కట్టాలి. "చివర్ల తొమ్మిదిన్నర లక్షలొస్తయి బావా" అన్నాడు గర్వంగా.

"మరి రేపే నీకేమన్నా అయితే ఎంతొస్తది?" అని అడిగాను. అతనికి తెలియదు. బాండు తిప్పి చూస్తే బీమా మొత్తం 5 లక్షలు. దానికి ఇప్పటిదాకా చేరిన బోనస్ కలుస్తుంది, అంతే.

ఇలాంటి పాలసీని ఎండోమెంట్ అంటారు. మనం కట్టే 26 వేలలో చిన్న ముక్క మాత్రమే ప్రాణానికి కాపు. పెద్ద ముక్క కంపెనీ దగ్గర పొదుపుగా పెరుగుతుంది, మధ్యలో కమీషను, కంపెనీ ఖర్చులు పోతాయి. బోనస్ లెక్క చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. అది మనం కట్టిన డబ్బు మీద కాదు, బీమా మొత్తంలో ప్రతి వెయ్యికి ఇంత అని ఇస్తారు. వెయ్యికి 45 రూపాయలు అనుకుంటే 5 లక్షలకు ఏడాదికి 22,500. మామూలు బోనస్ మీద మళ్లీ బోనస్ రాదు. 20 ఏళ్లకు నాలుగున్నర లక్షలు, అసలు 5 లక్షలు కలిపి తొమ్మిదిన్నర. ఏటా కట్టిన 26 వేలకు ఇది సుమారు ఐదున్నర శాతం వడ్డీతో సమానం. మోసమేమీ లేదు, ఎక్కువా కాదు.

ఇక టర్మ్ పాలసీ. ఇందులో పొదుపు ఉండదు. గడువులోపల మనిషి పోతే ఇంటికి మొత్తం డబ్బు వస్తుంది, బతికి ఉంటే ఏమీ రాదు. అందుకే చౌక. 33 ఏళ్ల వయసులో బీమా చేసిన వెయ్యి మందిలో ఏడాదికి పోయేది సుమారు ఒక్కరు. వెయ్యి మంది తలా పది వేలు వేస్తే ఆ ఒక్క ఇంటికి కోటి రూపాయలు ఇవ్వొచ్చు. వయసు పెరిగితే ప్రమాదం పెరుగుతుంది కాబట్టి కంపెనీ మొదటి ఏళ్లలో కొంచెం ఎక్కువ తీసుకుని చివరిదాకా ఒకే ప్రీమియం ఉంచుతుంది. బామ్మర్దికి 60 ఏళ్ల వయసు వరకు కోటికి ఏడాదికి 14 వేలు అనుకుని లెక్క వేశాం. కంపెనీని బట్టి, ఆరోగ్యాన్ని బట్టి ఇది మారుతుంది. గుట్కా నమిలినా పొగాకు అలవాటు కిందికే వస్తుంది, ప్రీమియం బాగా పెరుగుతుంది.

కోటి అని ఎందుకు అనుకున్నాం? ఈ పాఠంలో అసలు లెక్క ఇదే. ఆదాయానికి పదింతలు చాలని చాలామంది చెబుతారు. అలా చూస్తే అతనికి 48 లక్షలు. కానీ పిల్లలు చిన్నవాళ్లు, నెత్తిన అప్పు ఉంది. అందుకే ఆదాయంతో కాదు, ఇంటి ఖర్చుతో మొదలుపెట్టండి.

అతను లేకపోతే అతని సొంత ఖర్చు పోతుంది. మిగిలిన ఇంటికి నెలకు 22 వేలు కావాలి, అంటే ఏడాదికి 2 లక్షల 64 వేలు. బిడ్డకు 24 ఏళ్లు వచ్చేదాకా 20 ఏళ్లకు 52 లక్షల 80 వేలు. ధరలు పెరగవా అని అడుగుతారు. పెరుగుతాయి. కానీ వచ్చిన డబ్బును బ్యాంకులో వేస్తే వడ్డీ కూడా వస్తుంది. ఆ రెండూ దాదాపు ఒకదానికొకటి చెల్లిపోతాయని పట్టుకుంటే ఈ రోజు ఖర్చును ఏళ్లతో గుణిస్తే చాలు. ఇది మోటు లెక్కే, కానీ కాగితం మీద ఎవరైనా వేసుకోవచ్చు.

ఆ తర్వాత భార్య ఒక్కతే. నెలకు 10 వేలు చొప్పున ఇంకో 25 ఏళ్లకు 30 లక్షలు. డీసీఎం మీద బాకీ 5 లక్షలు, ఊళ్లో నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చినవి 3 లక్షలు. పిల్లల పై చదువు, బిడ్డ పెళ్లికి 12 లక్షలు వేశాం. మొత్తం 1 కోటి 2 లక్షల 80 వేలు. పాత పాలసీ 5 లక్షలు తీసేస్తే 98 లక్షలు. కోటి అని రాసుకున్నాం.

దేవరకొండ పక్కన ఉన్న ఎకరంన్నర భూమిని లెక్కలో కలపలేదు. మనిషి పోయిన ఇంటి భూమికి ఎవరూ సరైన ధర చెప్పరు, అవసరం చూసి అడుగుతారు. భూమి పేరు మీద వచ్చే రైతు బీమా 5 లక్షలు కూడా కలపలేదు. అది ప్రభుత్వ పథకం, 59 ఏళ్ల వరకే, ఏటేటా కొనసాగితేనే ఉంటుంది. వస్తే మంచిదే.

ఈ కోటిని ఆ ఎండోమెంట్ పాలసీతోనే తెచ్చుకోవాలంటే ఎంత కట్టాలో చూడండి. 5 లక్షలకు 26 వేలు అయితే కోటికి 5 లక్షల 20 వేలు. అతని ఏడాది సంపాదనే 4 లక్షల 80 వేలు. ఇది చూశాక బామ్మర్ది కాసేపు మాట్లాడలేదు. తర్వాత మీ మనసులో ఉన్న ప్రశ్నే అడిగాడు: "మరి నాకేం కాకపోతే పైసలన్నీ పోయినట్టే కదా బావా?"

అవును, టర్మ్‌లో కట్టినవి రావు. అయితే రెండూ ఇవాళే మొదలవుతాయనుకుంటే, 26 వేలలో 14 వేలు టర్మ్‌కు పోతే 12 వేలు మిగులుతాయి. వాటిని ఏటా ప్రభుత్వ పొదుపు పథకం పీపీఎఫ్‌లో వేస్తే, ఇప్పటి 7.1 శాతం అలాగే ఉంటే, 20 ఏళ్లకు సుమారు 5 లక్షల 30 వేలు. పీపీఎఫ్ గడువు 15 ఏళ్లు, ఐదేళ్లు పొడిగించుకోవచ్చు. అంటే బతికి ఉంటే ఎండోమెంట్ కన్నా 4 లక్షల 20 వేలు తక్కువ చేతికొస్తుంది. టర్మ్‌లోనే ఎక్కువ మిగులుతుందని చెప్పేవాళ్లు ఈ చిన్న మొత్తాల దగ్గర లెక్క వేసి ఉండరు. ఆ 4 లక్షల 20 వేలకు బదులుగా ఇరవై ఏళ్లపాటు ఇంటికి 95 లక్షల అదనపు కాపు ఉంది. నాకైతే అది చవకే అనిపిస్తుంది. కట్టింది తిరిగి ఇచ్చే టర్మ్ కూడా అమ్ముతారు. ఇచ్చేది వడ్డీ లేకుండా, తీసుకునే ప్రీమియం చాలా ఎక్కువ. దాన్ని వదిలేయండి.

రెండు చోట్ల పని చెడుతుంది. ఒకటి, ఆదాయం రుజువు. కోటి ఇవ్వాలంటే కంపెనీ ఐటీ రిటర్నులు అడుగుతుంది. బామ్మర్ది ఇంతవరకు ఒక్క రిటర్ను వేయలేదు. సంపాదన ఎంత ఉన్నా కాగితం మీద లేకపోతే కవర్ కోసేస్తారు, లేదా ఇవ్వరు. రెండోది, కొత్తది రాకముందే పాతది ఆపడం. వైద్య పరీక్షలో షుగర్ బయటపడితే టర్మ్ రాకపోవచ్చు, అప్పుడు రెండూ ఉండవు. కొత్త బాండు చేతికొచ్చాకే పాతదాన్ని పెయిడప్ చేయండి, అంటే ఇక ప్రీమియం కట్టకుండా తగ్గిన బీమాతో దాన్ని అలాగే ఉంచండి. అతను 20లో 6 ఏళ్లు కట్టాడు కాబట్టి 5 లక్షలు లక్షన్నరకు తగ్గుతుంది, అప్పటికి చేరిన బోనస్ అలాగే ఉంటుంది.

వచ్చే పాఠానికి మీ ఇంటి అంకెలతో ఇదే లెక్క వేసి ఉంచండి. ప్రపోజల్ ఫారం వరుస వరుసగా నింపుదాం. అప్పులోళ్లు క్లెయిం డబ్బు మీద పడకుండా 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద పాలసీ తీసుకోవడం కూడా అందులోనే వస్తుంది. అది పాలసీ తీసుకునేటప్పుడే చేయాలి, తర్వాత కలపలేం. అందుకని ఈ వారం ఎక్కడా సంతకం పెట్టకండి.