డ్రిప్పు పాఠాలు – 4: ముందు గేజు, వెనక గేజు

పోయిన పాఠం చదివి చాలామంది ఫోన్ చేశారు. ఎక్కువమంది చెప్పింది ఒకటే మాట: "గేజులో ప్రెజర్ బాగానే ఉందండీ, లైను చివర మాత్రం నీళ్లు రావడం లేదు." తప్పు నాదే. గేజు చూడమన్నాను గానీ, ఏ గేజో చెప్పలేదు. అందుకే ఈసారి ఎరువుల ట్యాంకు పాఠం పక్కన పెట్టి దీన్ని సరిచేస్తున్నాను.

చాలా తోటల్లో ఒకటే గేజు ఉంటుంది, అదీ మోటారు వైపు, ఫిల్టరుకు ముందు. ఫిల్టరు జాలీ మూసుకుపోయే కొద్దీ నీళ్లు అవతలికి పోలేక వెనక్కి తంతాయి. అప్పుడు ఈ గేజు ముల్లు తగ్గదు, పెరుగుతుంది. 1.5 కేజీ ఉండేది 2కు వస్తుంది. మనం ప్రెజర్ పెరిగిందని సంతోషపడుతుంటే తోటలో చెట్లు ఎండుతుంటాయి. తోటకు ఎంత పోతోందో చెప్పేది ఫిల్టరు దాటాక ఉండే గేజు. రెండింటికీ తేడా శుభ్రమైన జాలీకి 0.2 కేజీ దగ్గర ఉంటుంది. 0.5కు వచ్చిందంటే జాలీ కడగాలి.

రెండు గేజులు కొనక్కర్లేదు. నేనైతే ఒకే గేజును సన్న ట్యూబులతో ఫిల్టరుకు ముందూ వెనకా కలిపి, మధ్యలో త్రీవే కాక్ పెట్టుకున్నాను. కాక్ తిప్పితే రెండు రీడింగులూ ఒకే ముల్లు మీద వస్తాయి. గేజులో చిన్న లోపం ఉన్నా రెండు రీడింగుల్లోనూ ఒకేలా ఉంటుంది కాబట్టి తేడా చాలావరకు సరిగ్గానే తెలుస్తుంది.

కనిగిరి దగ్గర మూడెకరాల బత్తాయి తోట ఉన్న ఒక అక్క నాతో ఫోన్లో ఉండగానే అన్నీ కొలిచింది. ఆమెది గంటకు 4 లీటర్ల ఇన్‌లైన్ డ్రిప్పర్. దాని కింద గిన్నె పెట్టి సరిగ్గా మూడు నిమిషాలు పడితే 200 మిల్లీలీటర్లు రావాలి. ఈ లెక్క గుర్తుంటే చాలు. కొలిచే సీసాగా దగ్గు మందు మూత సరిపోదు, పావు లీటరు కొలతపాత్ర తీసుకోండి.

ఆమె రీడింగులు ఇవి. ఫిల్టరుకు ముందు 2 కేజీ, దాటాక 0.8. చివరి లైను ఎండ్ క్యాప్ తీసి అక్కడ గేజు బిగిస్తే 0.4. అదే లైను మొదట్లో గిన్నెలో 155 మిల్లీలీటర్లు, చివర 126. జాలీ కడిగాక ముందు 1.5, దాటాక 1.3 వచ్చింది. లైను మొదట్లో 205, చివర 167.

ఇక్కడ రెండు సంగతులు చూడాలి. సాధారణ డ్రిప్పరులో ప్రెజర్ సగమైతే నీళ్లు సగం కావు, మూడో వంతు కన్నా కొంచెం తక్కువ తగ్గుతాయి. నీళ్లే సగమయ్యాయంటే ప్రెజర్ నాలుగో వంతుకు పడిందన్నమాట. రెండోది, జాలీ కడిగినా ఇంకా 205కూ 167కూ మధ్య దిగుడు మిగిలే ఉంది. ఇది ఫిల్టరు తప్పు కాదు. అడిగితే తెలిసింది, కరెంటు ఉన్న కాసేపట్లోనే పని అయిపోవాలని రెండు ప్లాట్ల వాల్వులు ఒకేసారి తెరుస్తోందట. ఆ సిస్టమ్ ఒక్కో ప్లాటుకు లెక్కేసి పెట్టింది. ఒక వాల్వు మూసి, మిగిలిన ప్రెజరును బైపాస్‌తో సరిచేశాక మొదట్లో 203, చివర 195 వచ్చాయి.

అన్నిచోట్లా సరిపోయిందనుకుంటే రెండు చెట్ల దగ్గర 90 దాటలేదు. వాటికి అటూ ఇటూ ఉన్న డ్రిప్పర్లు 200 ఇస్తున్నాయి. నీళ్లు లైను పొడుగునా మెల్లగా తగ్గితే ప్రెజర్, మధ్యలో అక్కడక్కడా తగ్గితే మూసుకున్న డ్రిప్పరు. చివరి నాలుగైదు డ్రిప్పర్లు మాత్రమే ఒక్కసారిగా తగ్గితే, చివర పేరుకున్న బురద.

ఇప్పుడు నాకు బాగా కోపం తెప్పించే పని గురించి చెప్పాలి. ఫోన్ చేసినవాళ్లలో నలుగురు, ఫిల్టరు మాటిమాటికీ మూసుకుంటోందని లోపల జాలీ తీసేసి ఖాళీ డబ్బా బిగించారు. ఒక తమ్ముడు సంతోషంగా చెప్పాడు కూడా, "అన్నా, ఇప్పుడు నీళ్లు దూకుతున్నాయి" అని. దూకుతాయి, కొన్నాళ్లు. 120 మెష్ జాలీ రంధ్రం 0.13 మిల్లీమీటర్లు. డ్రిప్పరు లోపలి దారి దానికి చాలా రెట్లు వెడల్పుంటుంది. అందుకే ఇసుక రేణువు డ్రిప్పరులోంచి దాటిపోతుందని అనుకుంటారు. ఒక్క రేణువు దాటుతుంది. నాలుగు ఒకేసారి వస్తే వంకర దారిలో ఒకదానికొకటి ఆనుకుని వంతెనలా నిలబడతాయి, వాటి వెనక సన్న మట్టి చేరుతుంది. ఇన్‌లైన్ డ్రిప్పరుకు పిన్నీసు గుచ్చినా ఆ మలుపుల దాకా పోదు. జాలీ కడగడం పావుగంట పని. ఆ పావుగంట మిగుల్చుకుని లైను మొత్తం మార్చుకునే పరిస్థితి తెచ్చుకోకండి.

జాలీ ఉన్నా లేనట్టే అయ్యే సందర్భాలూ ఉన్నాయి. దాన్ని ఎండకు ఎత్తి పట్టుకుని చూడండి, చిరుగు ఉంటే వెలుతురు చుక్కలా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పై, కింది రబ్బరు వాషర్లు మడతపడితే నీళ్లు జాలీలోంచి కాకుండా పక్కనుంచి జారిపోతాయి. అప్పుడు రెండు గేజుల తేడా ఎన్నాళ్లైనా పెరగదు, అదే దాని గుర్తు. చాలా ఫిల్టర్లలో చెత్త జాలీ లోపలి వైపు పడుతుంది కాబట్టి బయటినుంచి లోపలికి నీళ్లు కొట్టాలి. మెత్తని బ్రష్ చాలు. ఇనుప బ్రష్ వద్దు, రాయి మీద కొట్టొద్దు.

బురదకు మందు ఎండ్ క్యాపులు తెరిచి నీళ్లు వదలడం. ముందు సబ్‌మెయిన్ ఫ్లష్ వాల్వు తెరవాలి, లైన్లు ఆ తర్వాతే. లైన్లు నాలుగైదు చొప్పున తెరవండి. అన్నీ ఒకేసారి తెరిస్తే నీటి వేగం చాలక బురద ఉన్నచోటే ఉంటుంది. నీళ్లు తేటగా వచ్చేదాకా వదిలి, అప్పుడు మూయాలి.

అక్క తోటలో ఆ రెండు డ్రిప్పర్ల దగ్గర పైపు ముక్క కోయించి, డ్రిప్పరును బ్లేడుతో చీల్చమన్నాను. లోపలి మలుపుల్లో తెల్లటి పెచ్చు కట్టి ఉంది. దాని మీద నిమ్మకాయ పిండితే సన్నగా బుడగలొచ్చాయి. అంటే అది బోరు నీళ్ల సున్నం, యాసిడ్‌కు లొంగుతుంది. బుడగలు రాక వేలికి జిగురుగా తగిలితే అది నాచు లేదా ఇనుము తినే సూక్ష్మజీవుల పొర, దాని దారి వేరు. యాసిడ్ ఎంత పట్టాలో వచ్చే పాఠంలో చెబుతాను. అప్పటిదాకా ఎవరూ యాసిడ్ ముట్టుకోకండి, ముఖ్యంగా బ్లీచింగ్ పౌడరు వాడినవాళ్లు. ఆ రెండూ కలిస్తే విషవాయువు వస్తుంది.

అభ్యాసం: ఒక ప్లాటులో మొదటి లైను, చివరి లైను, మధ్యలో సమాన దూరంలో రెండు లైన్లు తీసుకోండి. ఒక్కో లైనులో మొదలు, మూడో వంతు, మూడింట రెండు వంతులు, చివర కొలవండి. మొత్తం 16 గిన్నెలు, ఒక్కోటి మూడు నిమిషాలు. అన్నిటికన్నా తక్కువ వచ్చిన నాలుగింటి సగటును, పదహారింటి సగటుతో భాగించి వందతో గుణించండి. 90 దాటితే బాగుంది. 80కి దిగితే, ఎక్కడ తగ్గిందో కాగితం మీద లైన్లు గీసి గుర్తు పెట్టి, ఆ కాగితం ఫోటో, మూడు చోట్ల గేజు రీడింగులు నాకు పంపండి. గేజు రీడింగులు లేని ఫోటోలకు ఈసారి జవాబు ఇవ్వలేను.