అన్ని అంతస్తులకూ ఒకే షాఫ్ట్: బాత్రూమ్‌లను ఒకదానిపై ఒకటి ఎలా అమర్చాలి?

గ్రౌండ్ ఫ్లోర్, పైన రెండు అంతస్తులు, ప్రతి అంతస్తులో రెండు బాత్రూమ్‌లు ఉండే ఇల్లు అనుకుందాం. ప్లాన్ గీసేటప్పుడు చాలామంది గదులన్నీ కుదిరాక మిగిలిన మూలల్లో బాత్రూమ్‌లు సర్దుతారు. ఆ మూలలు అంతస్తుకోచోట పడతాయి. అందుకే పనిని షాఫ్ట్‌తో, అంటే పైపులన్నీ దిగే నిలువు సందుతో మొదలుపెట్టాలి.

మొదట షాఫ్ట్‌కి చోటు చూడండి. అది బయటి గోడను ఆనుకుని, రెండు బాత్రూమ్‌ల మధ్య పడితే మేలు. ఆరు బాత్రూమ్‌ల పైపులూ అందులోనే దిగుతాయి. మూడు ప్లాన్లనూ ఒకే స్కేలులో ట్రేసింగ్ పేపర్ మీద గీసి ఒకదానిపై ఒకటి పెట్టండి. షాఫ్ట్ గడి మూడింట్లోనూ ఒకేచోట పడేదాకా గదులను జరపండి. లోపల మనిషి నిలబడి పానా తిప్పగలగాలి కాబట్టి వెడల్పు 90 సెంటీమీటర్లకు తగ్గనివ్వకండి. ప్రతి అంతస్తులోనూ లోపలికి చిన్న తలుపు పెట్టించండి.

తర్వాత కమోడ్. బాత్రూమ్‌లో అన్నిటికన్నా లావు పైపు దానిదే, 110 మి.మీ. అందుకే షాఫ్ట్ గోడకు దగ్గరగా ఉండాల్సింది కూడా అదే. ఈ పైపుకు మీటరుకు సుమారు 25 మి.మీ. వాలు ఇస్తాం అనుకోండి. కమోడ్ షాఫ్ట్‌కి 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటే వాలుకు పోయేది 15 మి.మీ. మాత్రమే. అదే 3 మీటర్ల దూరంలో ఉంటే 75 మి.మీ. పోతుంది. పైపు మందం కలిపితే 185 మి.మీ., పైన ఫిట్టింగులు, కాంక్రీటు, టైల్స్ వేరే. పైపుల కోసం బాత్రూమ్ కింద 300 మి.మీ. లోతుకు దించి పోసే సంకన్ స్లాబ్‌లో అది ఇరుకైపోతుంది. అప్పుడు మేస్త్రీ వాలు తగ్గిస్తాడు, నీళ్లు వెళ్లినా మలం నిలిచిపోతుంది. షవర్, వాష్‌బేసిన్ పైపులు సన్నవి కాబట్టి కాస్త దూరమైనా ఫరవాలేదు.

ఇక్కడే బీమ్ అడ్డొస్తుంది. షాఫ్ట్ గోడ కింద సాధారణంగా బీమ్ ఉంటుంది, కమోడ్ పైపు దాన్ని దాటాలి. ఆ వైపు బీమ్ పైభాగాన్ని సంకన్ స్లాబ్ మట్టానికి దించమని స్ట్రక్చరల్ ఇంజనీర్‌కు ముందే చెప్పండి. అప్పుడు పైపు బీమ్ మీదుగా నేరుగా షాఫ్ట్‌లోకి వెళుతుంది. స్లాబ్ పోశాక బీమ్‌కు మెషిన్‌తో రంధ్రం చేసే కోర్ కటింగ్ చేయిస్తే లోపలి ఇనుము తెగే ప్రమాదం ఉంది, దానికి ఒప్పుకోకండి.

షాఫ్ట్‌లో కమోడ్‌లకు ఒక నిలువు పైపు, స్నానం నీళ్లకు 75 మి.మీ. పైపు ఇంకొకటి వేస్తారు. కమోడ్ పైపును టెర్రస్ దాటించి, పైకి తెరిచే ఉంచాలి. గాలి ఆడకపోతే పై అంతస్తులో ఫ్లష్ చేసినప్పుడు దిగే నీళ్లు వెనక గాలిని లాగేస్తాయి. ఆ లాగుడికి కింది బాత్రూమ్ ట్రాప్‌లో, అంటే కంపు పైకి రాకుండా నీళ్లు నిలిపే వంపులో, ఉండాల్సిన 50 మి.మీ. నీళ్లు కూడా పోతాయి. గుడగుడమని చప్పుడు, ఆ తర్వాత కంపు వస్తే కారణం ఇదే అయ్యుండొచ్చు.

నిలువు పైపు అడుగున 90 డిగ్రీల బెండు ఒకటే వేయకుండా 45 డిగ్రీలవి రెండు వేయించండి. పైనుంచి పడే నీళ్లు అక్కడ వేగం తగ్గి, గాలిని వెనక్కి తోస్తాయి. గ్రౌండ్ ఫ్లోర్ కమోడ్‌ను ఆ పైపుకే కలిపితే అందులో బుడగలు లేస్తాయి. అడుగు బెండు మూసుకుపోతే పై అంతస్తుల మురుగు కూడా అందులోంచే పొంగుతుంది. కాబట్టి గ్రౌండ్ ఫ్లోర్ లైన్‌ను విడిగా ఇంటి బయటి మురుగు ఛాంబర్‌కు తీసుకెళ్లాలి. మూడంతస్తులకూ ఒకే పైపు అన్న లెక్కలో ఇదొక్కటే మినహాయింపు, దీన్ని మాత్రం వదలకండి.

రెండో అంతస్తులో బాత్రూమ్‌ను రెండు మీటర్లు పక్కకు జరపాలని ఇంట్లో వాళ్లు అడిగితే? జరపొచ్చు, కానీ ఆ రెండు మీటర్ల పైపు కింది గది సీలింగ్ కింద అడ్డంగా సాగుతుంది. ఫ్లష్ చప్పుడు ఆ గదిలో వినిపిస్తుంది, జాయింట్ కారితే నీళ్లు మంచం మీద పడతాయి. కింద కూడా బాత్రూమో, వాష్ ఏరియానో ఉంటే తప్ప అలా జరపకపోవడమే మంచిది. తప్పనిసరైతే మలుపు దగ్గర మూత విప్పి శుభ్రం చేయగలిగే డోర్ బెండు పెట్టించండి.

సంకన్ పూడ్చే ముందు ప్రతి అంతస్తు లైన్‌నూ అడుగున మూసి, నీళ్లు నింపి మట్టం దగ్గర గీత పెట్టండి. కాసేపటికి గీత కంటే నీళ్లు దిగితే ఏ జాయింట్ తడిసిందో వెతకండి. టైల్స్ వేశాక ఆ జాయింట్‌ను చేరాలంటే నేల పగలగొట్టాల్సిందే.