రాయగడ గదిలో వీడియో కాల్: సిమ్ మార్చేముందు దీపం చూడండి

ఉద్యోగం మీదో చదువు మీదో పార్వతీపురం, శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఒడిశాలోని రాయగడకో గుణుపురానికో వచ్చి దిగినవాళ్లకు, గదీ గ్యాసూ పాలూ కుదిరాక మొదలయ్యే తలనొప్పి వీడియో కాల్. ఇంట్లోవాళ్లకు మన మొహం మసకమసగ్గా, గళ్లుగళ్లుగా కనిపిస్తుంది. ‘అక్కడ నెట్ బాగోదు’ అని ఇటూ అటూ ఒక మాట అనేసుకుంటారు. మర్నాడు ఇంకో సిమ్ కొంటారు. ఇవి కొండల మధ్య ఊళ్లు కాబట్టి కొన్ని వీధుల్లో సిగ్నల్ తక్కువే, కాదనను. కానీ నేను చూసిన గదుల్లో చాలావాటిలో అసలు లోపం వెలుతురులో ఉంది. అది సిమ్ మారిస్తే పోయేది కాదు.

ముందు తప్పు ఎక్కడుందో తేల్చుకోండి. కాల్‌లో స్క్రీన్ మూలన మీ బొమ్మ మీకే కనిపిస్తుంది కదా, అది కెమెరా నుంచి నేరుగా వచ్చింది. నెట్‌లోకి ఇంకా వెళ్లలేదు. అక్కడే బొమ్మ చుక్కలు కదులుతున్నట్టు ఉంటే, చెయ్యి ఊపితే తోకలా సాగితే, నెట్‌కు సంబంధం లేదు, గదిలో వెలుతురు చాలట్లేదు. అక్కడ శుభ్రంగా ఉండి అవతల మాత్రం గళ్లు పడితే తప్పు పంపే దారిలో ఉన్నట్టు. అవతలివాళ్లు చూసేది కళ్లారా చూడాలంటే ఇంకో ఫోన్‌తో, వేరే సిమ్ మీద, మైకూ స్పీకరూ ఆపేసి అదే కాల్‌లో చేరండి. రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూస్తే అనుమానం తీరిపోతుంది.

అయితే వెలుతురు తక్కువైతే చివరికి అవతల కూడా గళ్లు పడతాయి. ఇది చాలామందికి తెలియదు. చీకటి గదిలో కెమెరా రెండు పనులు చేస్తుంది. ఒక్కో ఫ్రేముకూ ఎక్కువసేపు వెలుతురు పోగు చేసుకుంటుంది. అందుకే సెకనుకు 30 ఫ్రేములు రావాల్సినచోట 15కో ఇంకా తక్కువకో పడిపోతాయి, కదిలితే మొహం సాగుతుంది. అదీ చాలకపోతే సెన్సర్ నుంచి వచ్చిన కాస్త సిగ్నల్‌నూ పెంచుతుంది. దాంతోపాటు సెన్సర్‌లోని గరగర కూడా పెరిగి గోడ మీద, జుట్టులో చీమలు పాకినట్టు కనిపిస్తుంది. ఇక కంప్రెషన్ సంగతి. వీడియో కాల్ ప్రతి ఫ్రేమునూ మొత్తంగా పంపదు. ముందు ఫ్రేముకూ ఇప్పటి ఫ్రేముకూ తేడా ఎక్కడుందో చూసి ఆ తేడానే పంపుతుంది. కదలని గోడకు డేటా దాదాపు అక్కర్లేదు. కానీ ఆ గరగర ప్రతి ఫ్రేములోనూ మారిపోతూ ఉంటుంది. దాంతో గోడ మొత్తం కదులుతున్నట్టే లెక్క. మీ కళ్లకూ పెదవులకూ పోవాల్సిన డేటా గోడ మీది చుక్కలకు ఖర్చైపోతుంది. ఉన్న డేటా సరిపోక సాఫ్ట్‌వేర్ బొమ్మను చిన్న చదరాలుగా మోటుగా పంపేస్తుంది. అదే మనకు కనిపించే గళ్లు. గదిలో వెలుతురు పెంచితే అదే సిమ్, అదే సిగ్నల్ మీద బొమ్మ బాగుపడేది ఇందుకే.

మా వీధిలో అద్దెకు దిగిన ఒక అమ్మాయి గది గురించి చెప్తాను. పగలు ఇక్కడ స్కూల్లో ఉద్యోగం, రాత్రి ఎనిమిదికి విజయనగరంలో పిల్లలకు లెక్కల ట్యూషన్. ‘అక్కా, పిల్లల అమ్మలు నా మొహమే కనిపించట్లేదంటున్నారు, పెద్ద ప్యాక్ వేయించినా అంతే’ అంది. వెళ్లి చూస్తే గది ఇలా ఉంది: మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటుంది, ల్యాప్‌టాప్ ముందర ఒక దిండు మీద. ట్యూబ్‌లైట్ ఆమె వెనక గోడ మీద, పైన. నెత్తిన ఫ్యాను.

ల్యాప్‌టాప్ కిందుంది కాబట్టి కెమెరా పైకి చూస్తోంది. ఫ్రేములో సగం పైకప్పు, ఫ్యాను, మండుతున్న ట్యూబ్‌లైట్. కెమెరా ఫ్రేము మొత్తం వెలుతురు చూసి సర్దుకుంటుంది. ట్యూబ్‌లైట్ అందులో పడగానే ‘వెలుతురు ఎక్కువైంది’ అని అంతా తగ్గించేస్తుంది, మొహం నల్లబడుతుంది. పైగా తిరిగే ఫ్యాను ఎప్పుడూ కదిలేదే, దానికీ డేటా పోతుంది.

మొదట ల్యాప్‌టాప్‌ను కళ్ల ఎత్తుకు తెచ్చాం. గదిలో ఉన్న చిన్న టేబుల్ మీద ట్రంకు పెట్టె, దాని మీద ల్యాప్‌టాప్. ఆమె కుర్చీలో, చెయ్యి చాచితే స్క్రీన్ తగిలేంత దూరంలో. ఇప్పుడు ఫ్రేములోంచి పైకప్పూ ఫ్యానూ ట్యూబ్‌లైటూ పోయాయి, వెనక ఖాళీ గోడ మాత్రమే మిగిలింది. కంప్రెషన్‌కు ఖాళీ గోడకన్నా మంచి నేపథ్యం లేదు. పూల కర్టెను ఫ్యాను గాలికి ఊగుతుంటే అది ఫ్యాను కన్నా చేటు, దాన్ని పక్కకు ముడేసి కట్టేయండి.

తర్వాత దీపం. ఇంటామెను, మౌసీని, అడిగి ట్యూబ్‌లైట్ చోటు మార్చుకోవడం కుదిరే పని కాదు. అందుకని తిరగాల్సింది మనిషే. కుర్చీని అటు తిప్పి ట్యూబ్‌లైట్ ఎదుట పడేలా కూర్చోబెట్టాం. అది రెండు మీటర్ల పైన, ఎత్తులో ఉంది కాబట్టి కళ్ల కింద, గడ్డం కింద నీడలు పడ్డాయి. ఆ నీడలు పోవడానికి టేబుల్ ల్యాంపులో 9 వాట్ల తెల్ల ఎల్‌ఈడీ బల్బు పెట్టి, ల్యాప్‌టాప్ వెనక నుంచి గోడకేసి తిప్పాం. దీపం నేరుగా మొహం మీద పడితే ముక్కు మెరుస్తుంది, కళ్లజోడు ఉంటే అందులో బల్బే కనిపిస్తుంది. గోడకు కొట్టి తిరిగొచ్చిన వెలుతురు మెత్తగా ఉంటుంది. ఇక్కడ ఒక చిక్కు. ఈ ఊళ్లలో అద్దె గదుల గోడలకు ఆకుపచ్చో నీలమో రంగులు ఎక్కువ, ఆ రంగంతా మొహానికి అంటుతుంది. పుస్తకాల కొట్లో దొరికే తెల్ల చార్ట్ పేపర్ ఒకటి గోడకు అంటిస్తే సరిపోయింది. బల్బు వాట్లు పెంచడం కన్నా దగ్గరికి జరపడం మేలు. చిన్న దీపాన్ని రెండు మీటర్ల నుంచి ఒక మీటరుకు తెస్తే మొహం మీద పడే వెలుతురు దాదాపు నాలుగు రెట్లవుతుంది. పసుపు బల్బూ తెల్ల ట్యూబ్‌లైటూ కలిపి వేయకండి, ఒక చెంప పసుపు, ఒక చెంప నీలం అవుతుంది.

ఆ రాత్రే ఇంకో ఫోన్‌లో చూశాం. గోడ మీది చుక్కలు పోయాయి, పెదవుల కదలిక తెలిసింది. సిమ్ పాతదే.

పగటి కాల్స్‌కైతే కిటికీకి ఎదురుగా కూర్చోండి, అంతకు మించిన దీపం లేదు. కిటికీ వెనకుంటే మాత్రం మనిషి నీడబొమ్మే. ఎండ నేరుగా పడే వేళ పల్చటి తెల్ల పంచె అడ్డంగా కట్టుకోండి.

కొన్ని గదుల్లో ఇంకో రకం ఫిర్యాదు ఉంటుంది. బొమ్మ మీద నల్లని అడ్డచారలు పైనుంచి కిందికి జారుతుంటాయి. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్, దాని మీద వెలిగే దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి, చవక ఎల్‌ఈడీల్లో ఇది ఎక్కువ. కెమెరా అమెరికా లెక్కన 60 హెర్ట్జ్‌కు పెట్టి ఉంటే ఆ మినుకుకూ దీని వేగానికీ పొత్తు కుదరదు. విండోస్‌లో Camera యాప్ సెట్టింగుల్లో Flicker reduction దగ్గర 50 Hz ఎంచుకోండి. లినక్స్ వాడేవాళ్లకు ఇదీ ఆదేశం, ఇందులో 1 అంటే 50 హెర్ట్జ్:

```
v4l2-ctl -d /dev/video0 --set-ctrl=power_line_frequency=1
```

అన్ని కెమెరాల్లోనూ ఈ సౌకర్యం ఉండదు. లేకపోతే బల్బు మార్చి చూడాలి.

దీపమూ కెమెరా చోటూ కుదిరాకే సెట్టింగుల జోలికి వెళ్లండి. అప్పటికీ అవతల గళ్లు పడుతుంటే నెట్‌ను పరీక్షించండి, అదీ డౌన్‌లోడ్ కాదు, అప్‌లోడ్. మీ బొమ్మ వెళ్లేది ఆ దారినే. జూమ్‌లో ఇద్దరే మాట్లాడుకునే కాల్‌కు 720p బొమ్మ పంపాలంటే 1.2 ఎంబీపీఎస్ కావాలి, అంతకన్నా తక్కువ నాణ్యతకు 600 కేబీపీఎస్ చాలు. అప్‌లోడ్ ఒక ఎంబీపీఎస్ దగ్గర ఊగుతుంటే HD కోసం పట్టుబట్టకండి. ఒక క్షణం స్పష్టంగా, మరుక్షణం గళ్లుగా మారే బొమ్మ కన్నా నిలకడగా ఉండే చిన్న బొమ్మే కళ్లకు హాయి. గూగుల్ మీట్‌లో సెట్టింగుల్లో Video కింద పంపే రిజల్యూషన్ తగ్గించుకోవచ్చు. జూమ్‌లో HD టిక్ తీసేయొచ్చు. జూమ్ సెట్టింగుల్లోనే Statistics కింద మీరు నిజంగా ఎంత రిజల్యూషన్, ఎన్ని ఫ్రేములు పంపుతున్నారో కనిపిస్తుంది. క్రోమ్‌లో మీట్ వాడేవాళ్లు కాల్‌కు ముందే వేరే ట్యాబులో `chrome://webrtc-internals` తెరిచి ఉంచి, కాల్ నడుస్తుండగా పంపే వీడియో వివరాల్లో `qualityLimitationReason` చూడండి. `bandwidth` అని ఉంటే నెట్, `cpu` అని ఉంటే మీ ల్యాప్‌టాపే అలసిపోతోంది. రెండోదైతే వర్చువల్ బ్యాక్‌గ్రౌండ్ తీసేయండి, పాత ల్యాప్‌టాప్‌లకు అదే పెద్ద బరువు.

డేటా లెక్క కూడా చూసుకోండి. 1.2 ఎంబీపీఎస్ పంపుతూ అంతే అందుకుంటుంటే గంటకు ఒక జీబీ పైచిలుకు అవుతుంది, రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్ ఉన్నవాళ్లకు గంట కాల్ తర్వాత అర జీబీ కూడా మిగలదు. 600 కేబీపీఎస్‌లో అది సగానికి వస్తుంది. వాట్సాప్ కాల్స్‌కైతే Storage and data లో Use less data for calls ఉంది. అది వేసి ఉంటే బొమ్మ నాసిగా రావడానికి అదీ ఒక కారణం కావచ్చు, ఇంట్లోవాళ్లతో నిమ్మళంగా మాట్లాడాలనుకున్నప్పుడు తీసేయండి. ల్యాప్‌టాప్‌కు ఫోన్ నుంచి నెట్ ఇస్తున్నవాళ్లు ఫోన్‌ను సిగ్నల్ బాగా వచ్చే కిటికీ గట్టు మీద పెట్టి, వీలైతే హాట్‌స్పాట్ బదులు యూఎస్‌బీ కేబుల్‌తో కలపండి.

వానాకాలంలో కరెంటు పోవడం మామూలే కాబట్టి ఆ టేబుల్ ల్యాంపులో బ్యాటరీ ఉన్న రీచార్జబుల్ ఎల్‌ఈడీ బల్బు వేసుకోండి. అది కరెంటు పోయాక వెలుతురు కొంత తగ్గించుకుని వెలుగుతుంది. అందుకని కాల్ నడుస్తుండగా కరెంటు పోతే ల్యాంపును ఇంకొంచెం ముందుకు జరుపుకోవడమే.