స్కాలర్‌షిప్ లెటర్‌పై సంతకానికి ముందు

విజయవాడ, గుంటూరు వైపు ప్రైవేటు ఇంజినీరింగ్ సీటుకు ఫీజు రాయితీ లెటర్ చేతికొస్తే, రాయితీ శాతం కన్నా ముందు రెన్యువల్ షరతు చదవండి.

☐ రాయితీ వచ్చే ఏడాదీ కొనసాగాలంటే 8.0 ఉండాలని రాశారనుకోండి. అది అన్ని సెమిస్టర్లూ కలిపిన సీజీపీఏనా, ఆ ఒక్క సెమిస్టర్ ఎస్‌జీపీఏనా? సీజీపీఏ అయితే క్రెడిట్లతో లెక్కించాలి. మొదటి సెమిస్టర్‌లో 18 క్రెడిట్లకు 8.6, రెండోదాంట్లో 22 క్రెడిట్లకు 7.4 వచ్చాయనుకోండి. మామూలు సగటు సరిగ్గా 8.0, గండం గడిచినట్టే అనిపిస్తుంది. కానీ 18×8.6, 22×7.4 కలిపి 40తో భాగిస్తే వచ్చేది 7.94. ట్యూషన్ ఫీజు 2 లక్షలు, రాయితీ సగం అయితే, రెండో ఏడాది లక్ష అదనంగా కట్టాలి.

☐ బ్యాక్‌లాగ్ మాట ఎలా రాశారు? ‘మొదటి ప్రయత్నంలోనే పాస్’ అని ఉంటే సప్లిమెంటరీలో గట్టెక్కినా లాభం లేదు. దెబ్బతినేది ఇక్కడే.

☐ మార్కులు తగ్గితే ఆ ఒక్క ఏడాదే ఆగుతుందా, పూర్తిగా పోతుందా? మళ్లీ 8 దాటితే తిరిగిస్తారా? లెటర్‌లో లేకపోతే అడ్మిషన్ ఆఫీసుకు మెయిల్ పెట్టి, జవాబు కూడా మెయిల్‌లోనే తీసుకోండి. కౌంటర్ దగ్గర ‘చూద్దాంలెండి’ అన్నది లెక్కలోకి రాదు.

☐ హాస్టల్, బస్సు, పరీక్ష ఫీజులు సాధారణంగా రాయితీలోకి రావు.